ఫీజు సున్నా అన్న రసీదు ఎంత మింగింది?

అబుదాబిలో ఏసీల పని చేసే మా మేనల్లుడు జీతం చేతికందిన రోజే దేవరకొండలో ఉన్న వాళ్లమ్మకు డబ్బు పంపి, ఆ రసీదు ఫోటో నాకు పెడతాడు. "చూశావా మామయ్యా, ఈసారి ఫీజు లేకుండా పంపాను" అన్నాడు మొన్న. ఫీజు గడిలో సున్నా ఉన్న మాట నిజమే. దానికి పై గడిలో దిర్హంకు 22.70 రూపాయలని ఉంది. అదే రోజు పక్క వీధి కౌంటరులో రేటు 23.10. అక్కడ ఫీజు 20 దిర్హంలు, దానిపై 5 శాతం వ్యాట్ ఇంకో దిర్హం.

వాడి దగ్గర ఉన్నవి 1,521 దిర్హంలు. సున్నా ఫీజు చోట అవి 34,526 రూపాయలయ్యాయి. పక్క వీధిలో 21 దిర్హంలు పోగా మిగిలిన 1,500 మారకమై 34,650 వచ్చేవి. ఉచితమనుకున్నది 123 రూపాయలు ఎక్కువ తీసుకుంది.

అలాగని సున్నా ఫీజు ఎప్పుడూ మోసమేనంటే నేను ఒప్పుకోను. వాడు 521 దిర్హంలే పంపి ఉంటే సున్నా ఫీజు చోట 11,826 రూపాయలు, ఫీజు తీసుకునే చోట 11,550 వచ్చేవి. ఫీజు ఎంత పంపినా అంతే ఉంటుంది. రేటులో కోత మాత్రం ప్రతి దిర్హంకూ పడుతుంది, కాబట్టి మొత్తంతో పాటు పెరుగుతుంది. ఈ రెండు కౌంటర్ల మధ్య సరిహద్దు 1,213 దిర్హంల దగ్గర ఉంది. అంతకు తక్కువైతే సున్నా ఫీజు మేలు, ఎక్కువైతే ఫీజు కట్టడమే మేలు. అందుకే రసీదులో రేటు, ఫీజు విడివిడిగా చూస్తే ఏమీ తేలదు. ఇంటికి చేరే రూపాయలను జేబులోంచి పోయిన మొత్తం దిర్హంలతో భాగించాలి. 34,650ని 1,521తో భాగిస్తే 22.78. పోల్చవలసింది ఈ అంకెను.

అసలు రేటు ఎంతో ఇంట్లో కూర్చున్నవాళ్లకూ తెలుసుకునే దారి ఉంది. యూఏఈ దిర్హంను 1997 నుంచి డాలరుకు 3.6725 చొప్పున కట్టి ఉంచారు. టీవీలో చెప్పే డాలరు ధరను ఆ అంకెతో భాగిస్తే చాలు. డాలరు 85 రూపాయల 40 పైసలుంటే దిర్హం 23.25 అవుతుంది. ఆ రోజు లెక్క అదే అనుకుంటే, 22.70 ఇచ్చిన కౌంటరు దిర్హంకు 55 పైసలు, మొత్తం మీద 836 రూపాయలు తన దగ్గర ఉంచుకుందన్నమాట. సౌదీలో ఉన్నవాళ్లు 3.75తో భాగించుకోవాలి.

ఇక తేదీ. రసీదులో రాసేది చేరవచ్చని అనుకునే రోజు మాత్రమే. "సోమవారం అని ఉంది, సోమవారం పొద్దునకే ఇంకా పడలేదేమిటి?" అని మా అక్క ప్రతిసారీ కంగారు పడుతుంది. మన దగ్గర నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి సెలవుల్లోనూ ఇరవై నాలుగు గంటలూ నడుస్తోంది, ఐఎంపీఎస్ సరేసరి. ఆలస్యం ఎక్కువగా అంతకంటే ముందే, పంపే సంస్థ చేసే తనిఖీల్లోనో, అక్కడి నుంచి డబ్బు మన బ్యాంకుకు చేరే దశలోనో జరుగుతుంది. శుక్రవారం సాయంత్రం పంపిన డబ్బుకు ఆ మర్నాడు రెండో శనివారమైతే సోమవారం వరకు ఎదురుచూడక తప్పకపోవచ్చు. ఆ రోజు కూడా దాటితే రసీదు మీది లావాదేవీ సంఖ్యతో అడగవలసింది పంపిన కౌంటరునే. దేవరకొండ బ్రాంచికి వెళ్లినా, డబ్బు ఇంకా వాళ్లదాకా రాకపోతే వాళ్ల కంప్యూటర్‌లో ఏమీ కనబడదు.

తేదీ తప్పడానికి ఇంకో కారణం రసీదు అడుగున ఉంటుంది. మా అక్క ఖాతా ఒకప్పటి ఆంధ్రా బ్యాంకుది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, ఆ తర్వాత ANDB0తో మొదలయ్యే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు పోయి UBIN0తో మొదలయ్యేవి వచ్చాయి. గల్ఫ్‌లో ఫోన్‌లో ఎప్పుడో దాచుకున్న వివరాలు మాత్రం తమంతట తాము మారవు. చెల్లని కోడ్‌తో వెళ్లిన డబ్బు సాధారణంగా వెనక్కి వస్తుంది. కానీ రూపాయలు మళ్లీ దిర్హంలుగా మారేటప్పుడు ఆ రోజు రేటు పడుతుంది, కట్టిన ఫీజు చాలా చోట్ల తిరిగి ఇవ్వరు.

ఖాతా సంఖ్యలో తప్పు ఇంతకన్నా ప్రమాదం. మన బ్యాంకులు జమ చేసేటప్పుడు చూసేది ఖాతా సంఖ్యనే, పేరు కలిసిందా లేదా అని ఆగవు. ఒక్క అంకె తారుమారై ఆ సంఖ్య ఇంకెవరిదో అయితే డబ్బు వాళ్లకే పోతుంది, రసీదులో పేరు ఎంత సరిగ్గా ఉన్నా సరే.

మొన్నటి ఫోటోలో కోడ్ UBIN0తోనే మొదలైంది. ఫోన్‌లో అక్కను పాస్‌బుక్ తెరిచి ఖాతా సంఖ్య ఒక్కో అంకె చదవమన్నాను, రసీదుతో కలిసింది. డబ్బు సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళకు పడింది. ఆ 123 రూపాయల సంగతి మేనల్లుడికి చెబితే, వచ్చే నెల పక్క వీధికి వెళతానన్నాడు. వెళ్లేముందు ఎన్ని దిర్హంలు పంపుతున్నావో చెప్పమన్నాను.