లాజిస్టిక్ ఈక్వేషన్‌లో "కింద ఉన్నదానికి లాగ్" కుదరదు, ఎందుకో చూడండి

"dP/dt = kP(1−P/M) కి పార్షియల్ ఫ్రాక్షన్స్ దండగ. వేరియబుల్స్ విడదీసాక కింద ఉన్నదానికి లాగ్ పెట్టేయండి, ln(P(1−P/M)) = kt + C, అయిపోయింది. P అనేది M దాటితే ఈ ఈక్వేషన్ ఎలాగూ పనిచేయదు. P=0, P=M అనేవి సొల్యూషన్సే కావు."

విజయనగరం, శ్రీకాకుళం డిగ్రీ పిల్లల వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరుగుతున్న ఫొటోలోది ఇది. పరీక్షల ముందు దీన్ని నమ్మితే మార్కులు పోతాయి, అంతకంటే ముందు లెక్కే తప్పు.

మొదట ఆ లాగ్ సంగతి. ఇంటిగ్రేషన్ సరిగ్గా వచ్చిందో లేదో తెలియాలంటే వచ్చినదాన్ని తిరిగి డిఫరెన్షియేట్ చెయ్యడమే కదా, చేసి చూడండి: పైన 1 రావాల్సిన చోట 1−2P/M వస్తాది. P బాగా చిన్నగా ఉన్నప్పుడు ఆ రెండూ దాదాపు ఒకటే కాబట్టి మొదట్లో తేడా కనబడదు, అందుకే చాలామంది నమ్మేస్తన్నారు.

మన ఊరి చెరువుల్లో గుర్రపుడెక్క పెరగడం చూస్తూనే ఉంటాం కదా, దాన్నే తీసుకుందాం. ఒక చెరువు 100 టన్నుల డెక్కని మోయగలదు, అదే M, ఏ టైములో ఉన్న డెక్కైనా P, ఇప్పుడు మొదట్లో 10 టన్నులుంది, అదే P₀, k వారానికి 0.5 అనుకుందాం (ఇవి లెక్క కోసం పెట్టుకున్న అంకెలే). ఆ ఫొటో ప్రకారమైతే P(1−P/100) = 9e^(0.5t) అవ్వాలి. ఎడమవైపు ఎంత పెరిగినా 25 దాటదు, అదీ P=50 దగ్గర. కుడివైపేమో ఆగకుండా పెరుగుతానే ఉంటాది, t రెండు వారాలు దాటేసరికి 25 ని మించిపోతాది. ఆ తర్వాత చెరువులో ఎంత డెక్క ఉందంటే ఆ ఫార్ములా దగ్గర జవాబే లేదు! డెక్క మాత్రం చెరువులోనే ఉంటాది.

సరైన దారి కూడా పెద్ద కష్టమేం కాదండి. 1/(P(1−P/M)) అంటే M/(P(M−P)), దాన్ని 1/P + 1/(M−P) అని విడగొట్టొచ్చు, కలిపి చూస్తే పైన M−P+P, అంటే M మిగుల్తాది, సరిపోయింది. ఇప్పుడు రెండు ముక్కల్నీ ఇంటిగ్రేట్ చేస్తే ln|P| − ln|M−P| = kt + C. ఆ మధ్యలో మైనస్ ఎందుకంటే M−P ని డిఫరెన్షియేట్ చేస్తే −1 వస్తాది కాబట్టి. ఈ మైనస్ మర్చిపోయి ప్లస్ రాసేరనుకోండి, రెండు లాగులూ గుణకారమైపోయి తిరిగి ఆ ఫొటోలో ఉన్న తప్పుకే చేరతారు, పేపర్లలో ఎక్కువ కనిపించే తప్పూ ఇదే.

అక్కడినుంచి (M−P)/P = Ae^(−kt), అంటే P = M/(1+Ae^(−kt)), A = (M−P₀)/P₀. మన చెరువుకి A = 9. సగం, అంటే 50 టన్నులు, ఎప్పుడు? 9e^(−0.5t) = 1 అయినప్పుడు, t = 2 ln 9, సుమారు 4.4 వారాలు. 90 టన్నులకి 2 ln 81, సుమారు 8.8 వారాలు, అంటే 10 నుంచి 50 కి పట్టినంత టైమే 50 నుంచి 90 కీ పట్టింది.

ఇక M దాటడం గురించి. లాగ్ లోపల మాడ్యులస్ ఉన్నది దీనికోసమేనండి. వరదకి పై చెరువు డెక్క కూడా కొట్టుకొచ్చి పేరుకుపోయి 150 టన్నులైందనుకోండి, A = −1/3, అంతే తేడా. P = 100/(1 − (1/3)e^(−0.5t)), t=0 పెడితే 150, రెండు వారాలకి సుమారు 114, అలా 100 వైపు దిగుతాది. మాడ్యులస్ వదిలేసి ln(M−P) అని రాస్తేనే నెగెటివ్ సంఖ్యకి లాగ్ వచ్చి ఇరుక్కుంటాం, అది రాసినోళ్ల తప్పు, ఈక్వేషన్‌ది కాదు.

చివరిది, P=0, P=M. ఈ రెండిటినీ ఈక్వేషన్‌లో పెట్టి చూడండి, రెండు వైపులా సున్నా, కాబట్టి సొల్యూషన్సే. విడదీసేటప్పుడు P(M−P) తో భాగించాం, అది సున్నా కాదని అనుకునే భాగించాం, అక్కడే ఇవి జారిపోయాయి. P=M అయితే A=0 పెడితే తిరిగొచ్చేస్తాది. P=0 కి మాత్రం ఏ A పెట్టినా రాదు, విడిగా రాయాలి, రాయకపోతే జవాబు సగమే.

ఈ సున్నాకీ, సున్నాకి దగ్గరికీ ఎంత తేడా ఉందో కూడా ఆ చెరువులోనే చూడొచ్చు. డెక్కంతా తీసేస్తే P₀ = 0, బయటినుంచి రానంతకాలం సున్నాయే. ఒక్క క్వింటా, అంటే 0.1 టన్ను వదిలేసేరంటే A = 999, 2 ln 999 అంటే సుమారు 13.8 వారాలకి మళ్లీ 50 టన్నులు.