గ్రాఫ్ దిగినా స్టీలు గట్టిపడుతూనే ఉంటుంది

స్టీలు ముక్కను లాగి తెంచే టెన్సైల్ టెస్ట్‌లో వచ్చే స్ట్రెస్-స్ట్రెయిన్ గ్రాఫ్ గురించి తరచూ వినిపించే మాట ఇది: "యూటీఎస్, అంటే గ్రాఫ్‌లో గరిష్ఠ స్ట్రెస్, దాటాక స్టీలు వీక్ అయిపోతుంది, అందుకే గ్రాఫ్ కిందికి దిగుతుంది. ట్రూ స్ట్రెస్ కావాలంటే ఇంజనీరింగ్ స్ట్రెస్‌ని (1+e)తో గుణిస్తే చాలు, ముక్క తెగేదాకా అదే ఫార్ములా."

మొదటి వాక్యం తప్పు. రెండోది నెక్, అంటే ముక్క ఒకచోట సన్నబడటం, మొదలయ్యేదాకానే నిజం. లోడ్‌ని అసలు వైశాల్యంతో భాగిస్తే ఇంజనీరింగ్ స్ట్రెస్, అప్పుడున్న వైశాల్యంతో భాగిస్తే ట్రూ స్ట్రెస్; e అంటే సాగిన పొడవును అసలు పొడవుతో భాగించిన ఇంజనీరింగ్ స్ట్రెయిన్. లెక్క వేసి చూద్దాం.

10 మి.మీ. వ్యాసం, 50 మి.మీ. గేజ్ లెంగ్త్ ఉన్న గుండ్రటి స్పెసిమెన్ తీసుకోండి. అసలు వైశాల్యం 78.5 చ.మి.మీ. ఈ స్టీలు ట్రూ స్ట్రెస్ σ = 800 ε^0.2 మెగాపాస్కల్ అనే సూత్రాన్ని పాటిస్తుందనుకుందాం. ఇక్కడ ε అంటే ట్రూ స్ట్రెయిన్. ఈ సూత్రంలో స్ట్రెస్ ఎక్కడా తగ్గదు, స్ట్రెయిన్ పెరిగినకొద్దీ అదీ పెరుగుతుంది. మరి లోడ్ ఎందుకు పడిపోతుంది?

లోడ్ అంటే స్ట్రెస్‌ని అప్పుడున్న వైశాల్యంతో గుణించిన విలువ. ముక్క ఇంకో 1 శాతం సాగితే వైశాల్యం 1 శాతం తగ్గుతుంది. ఆ నష్టాన్ని స్ట్రెయిన్ హార్డెనింగ్ పూడ్చాలి. ε 0.1 దగ్గర ఉన్నప్పుడు 1 శాతం సాగితే స్ట్రెస్ 2 శాతం పెరుగుతుంది కాబట్టి లోడ్ ఎక్కుతుంది. 0.2 దగ్గర స్ట్రెస్ 1 శాతం పెరుగుతుంది, వైశాల్యమూ 1 శాతమే తగ్గుతుంది. రెండూ సరిసమానం, అదే గరిష్ఠ లోడ్. 0.3 దగ్గరికొచ్చేసరికి స్ట్రెస్ పెరిగేది 0.67 శాతమే, వైశాల్యం తగ్గేది మాత్రం 1 శాతం. లోహం ఇంకా గట్టిపడుతూనే ఉంది, కానీ సన్నబడే వేగాన్ని అందుకోలేకపోతోంది. dσ/dε = σ అయిన చోట నెక్ మొదలవుతుందనే ఈ షరతును ఫ్రెంచ్ ఇంజనీర్ కన్సిడేర్ 1885లోనే చెప్పాడు.

మన ముక్కలో ఆ క్షణాన ట్రూ స్ట్రెస్ 580, ఇంజనీరింగ్ స్ట్రెస్ 475 మెగాపాస్కల్, లోడ్ 37.3 కిలోన్యూటన్లు. వ్యాసం అప్పటికే 9.05 మి.మీ.కి తగ్గింది.

లెక్క మీద నమ్మకం లేకపోతే తెగిన ముక్కను నిలువునా కోసి, పాలిష్ చేసి, పొడవునా మైక్రోహార్డ్‌నెస్ తీయండి. గ్రిప్ వైపు నుంచి నెక్ వైపు వచ్చేకొద్దీ హార్డ్‌నెస్ పెరుగుతుంది. వీక్ అయిన లోహం అలా చూపించదు.

ఇక ఫార్ములా. s ఇంజనీరింగ్ స్ట్రెస్ అయితే, σ = s(1+e) అనేది వాల్యూమ్ మారదు, గేజ్ లెంగ్త్ అంతా ఒకేలా సాగుతుంది అనే రెండు ఊహల మీద నిలబడింది. నెక్ పడ్డాక మొదటిది దాదాపు నిలుస్తుంది, రెండోది కూలిపోతుంది. లోడ్ తగ్గుతుండటంతో నెక్‌కి అవతలి భాగం సాగడం ఆపేస్తుంది, ఆ తర్వాతి సాగుదలంతా నెక్ దగ్గరి కొద్ది మిల్లీమీటర్లలోనే జరుగుతుంది. ఎక్స్‌టెన్సోమీటర్ మాత్రం దాన్ని 50 మి.మీ. మొత్తానికీ పంచి చెబుతుంది.

మన ముక్క 27 కిలోన్యూటన్ల దగ్గర, మొత్తం 34 శాతం సాగి తెగిందనుకోండి. ఇంజనీరింగ్ స్ట్రెస్ 344. దాన్ని 1.34తో గుణిస్తే 461 వస్తుంది. నెక్ మొదలైనప్పుడే 580 ఉన్నది తెగేముందు 461కి ఎలా దిగుతుంది? స్టీలు మెత్తబడిందనే అపోహకు ఈ తప్పు లెక్క తానే సాక్ష్యం తయారుచేసి ఇస్తోంది. దీనికి బదులు నెక్ వ్యాసం కొలవండి. అది 6 మి.మీ. ఉంటే వైశాల్యం 28.3 చ.మి.మీ., స్ట్రెస్ 955 మెగాపాస్కల్. ట్రూ స్ట్రెయిన్‌ని కూడా పొడవు నుంచి కాకుండా వ్యాసాల నుంచే తీయాలి: 2 ln(10/6) = 1.02.

ఇక్కడా ఒక మెలిక ఉంది. సూత్రం ప్రకారం 1.02 దగ్గర రావలసింది 803 మాత్రమే. నెక్ వంపు వల్ల లోపల అన్ని వైపులా లాగుడు పుడుతుంది, దాంతో అదే లోహాన్ని సాగదీయడానికి ఎక్కువ అక్షీయ స్ట్రెస్ కావాలి. అమెరికన్ భౌతికశాస్త్రవేత్త బ్రిడ్జ్‌మన్ 1940లలో దీనికి దిద్దుబాటు ఇచ్చాడు. నెక్ దగ్గర వ్యాసార్థం a, వంపు వ్యాసార్థం R అయితే, సగటు స్ట్రెస్‌ని (1+2R/a) ln(1+a/2R)తో భాగించాలి. a 3, R 3.5 మి.మీ. అయితే ఆ అంకె 1.19 వస్తుంది. 955ని దానితో భాగిస్తే 803.

నిజంగా బలహీనపడే దశ లేదని కాదు. చివర్లో నెక్ మధ్యలో సూక్ష్మ రంధ్రాలు పుట్టి, కలిసిపోయి, పగులుగా మారతాయి. కప్-అండ్-కోన్ పగులు అడుగు గరుకుగా కనిపించేది అందుకే. కానీ సాధారణ డక్టైల్ స్టీల్లో గ్రాఫ్ వంగడం మొదలయ్యేది దానికి చాలా ముందే.

సిమ్యులేషన్‌కి ప్లాస్టిక్ డేటా ఇచ్చేవాళ్లు (1+e)తో మార్చిన పాయింట్లను గరిష్ఠ లోడ్ దగ్గరే ఆపేయాలి. ఆ పైన ఫొటోల నుంచి కొలిచిన నెక్ వ్యాసంతో, బ్రిడ్జ్‌మన్ దిద్దుబాటుతో ముందుకు పోవాలి. ఫొటోలు లేకపోతే మోడల్ ఇచ్చే లోడ్ గ్రాఫ్ టెస్ట్ గ్రాఫ్‌తో కలిసేదాకా ఆ తర్వాతి కర్వ్‌ను సవరిస్తూ పోవాలి.