స్టార్-డెల్టా పెట్టినా లైట్లు ఎందుకు మసకబారుతున్నాయి?

“స్టార్-డెల్టా స్టార్టర్ పెడితే స్టార్టింగ్ కరెంటు మూడో వంతుకు పడిపోతుంది, ఇక వోల్టేజ్ డిప్ అనేదే ఉండదు. టైమర్ ఎంత తక్కువ పెడితే మోటారుకు అంత మంచిది. ఇంకా లైట్లు మసకబారితే సాఫ్ట్ స్టార్టర్ పెట్టండి, కరెంటు అసలు పెరగదు. అది కూడా పనిచేయకపోతే ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదని అర్థం, పెద్దది వేయించుకోండి.”

ఎలక్ట్రీషియన్ల గ్రూపుల్లో తిరుగుతున్న ఈ మెసేజ్ మా మిల్లు ఓనరు దాకా వచ్చింది. ఆయన కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు అప్లికేషన్ పెట్టబోతుంటే నేను ఒక్క వారం ఆగమన్నాను. ఆ వారంలో చూసిన లెక్కలతోనే ఒక్కో మాటకూ జవాబు చెబుతాను.

స్టార్-డెల్టా అంటే మోటారును ముందు తక్కువ వోల్టేజ్ అందే స్టార్ కనెక్షన్‌లో స్టార్ట్ చేసి, టైమర్ అయ్యాక పూర్తి వోల్టేజ్ అందే డెల్టాకు మార్చే స్టార్టర్. మోటారు కరెంటు లాగినప్పుడు లైన్ వోల్టేజ్ కాసేపు పడిపోవడమే డిప్. ముందు మా సరుకు సంగతి. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, 11 కేవీ నుంచి 433 వోల్టులకు, నేమ్‌ప్లేటు మీద ఇంపీడెన్స్ 4.5 శాతం. సెకండరీ ఫుల్ లోడ్ కరెంటు దాదాపు 133 ఆంపియర్లు. దాని మీద 50 హెచ్‌పీ బ్లోయర్ ఉంది. మోటారు ఫుల్ లోడ్ కరెంటు సుమారు 66, డైరెక్టుగా స్టార్ట్ చేస్తే దానికి ఆరు రెట్లు, అంటే 400 దాకా లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ తన ఫుల్ లోడ్ కరెంటు ఇచ్చేటప్పుడు లోపల దాదాపు 4.5 శాతం వోల్టేజ్ పోతుందనుకుంటే, దానికి మూడు రెట్లు లాగితే 13.5 పోవాలి. వోల్టేజ్ తగ్గితే మోటారు లాగే కరెంటూ తగ్గుతుంది కాబట్టి అసలు డిప్ 12 శాతం దగ్గర తేలుతుంది. స్టార్‌లో లైన్ కరెంటు 133, డిప్ 4.3 శాతం. అంటే స్టార్-డెల్టా డిప్‌ను తగ్గిస్తుంది, మాయం చేయదు. మొదటి మాటలో సగం నిజం ఇదే.

మిగతా సగం డెల్టాకు మారే క్షణంలో బయటపడుతుంది. టైమర్ గురించి చెప్పిన సలహా నష్టం చేసేది కూడా అక్కడే.

స్టార్‌లో కరెంటు మూడో వంతుకు తగ్గినట్టే టార్క్, అంటే మోటారు తిప్పే బలం కూడా మూడో వంతుకు తగ్గుతుంది. స్పీడు పెరగడానికి టైం పడుతుంది. ఇండక్షన్ మోటారు కరెంటేమో స్పీడుతో పాటు మెల్లగా దిగదు. ముక్కాలు స్పీడు వచ్చేదాకా పెద్దగా తగ్గకుండా ఉండి, చివర్లో గబుక్కున పడిపోతుంది. ముక్కాలు స్పీడు దగ్గరే డెల్టాకు మార్చారనుకోండి, మోటారు అక్కడ ఇంకా ఐదు రెట్లు, 330 ఆంపియర్లు లాగుతుంది. డిప్ మళ్లీ 10 శాతం. అంటే స్విచ్ నొక్కగానే రావాల్సిన దెబ్బను ఆరు సెకన్లు వాయిదా వేశాం, అంతే. పైగా మామూలు స్టార్-డెల్టాలో మారేటప్పుడు మోటారుకు కాసేపు సప్లయ్ ఉండదు. ఆ లోపు మోటారులో మిగిలిన వోల్టేజ్, లైన్ వోల్టేజ్‌తో ఫేజు తప్పి ఉంటే, డెల్టా పడగానే కొన్ని సైకిళ్ల పాటు డైరెక్ట్ స్టార్టింగ్‌ను మించిన కరెంటు దూసుకెళ్లవచ్చు. అంత చిన్న దెబ్బ కంటికి ఆనదు కానీ ఎంసీసీబీ బ్రేకర్ ఒక్కోసారి ట్రిప్ అయ్యేది దాని వల్లే.

మా టైమర్ సరిగ్గా ఆరు సెకన్ల మీద ఉంది. లైన్ మీద క్లాంప్ మీటరు వేసి చూస్తే మారే ముందు 110 ఆంపియర్లు చూపించింది. ఇక్కడ ఒక చిట్కా ఉంది. స్టార్‌లో మారే ముందు కనిపించే కరెంటును మూడుతో గుణిస్తే డెల్టా పడగానే వచ్చే దెబ్బ సుమారుగా తెలిసిపోతుంది. 110ని మూడుతో గుణిస్తే 330. టైమర్‌ను పది సెకన్లకు పెంచాను. కరెంటు 100 దాకా దిగి అక్కడే ఆగింది. స్టార్‌లో ఉన్న టార్క్‌కు ఆ గాలి లోడు బరువైపోయి స్పీడు పెరగడం ఆగిపోయిందన్నమాట. ఇలా ఆగిపోయినప్పుడు టైమర్ ఎంత పెంచినా వైండింగ్ వేడెక్కడం తప్ప లాభం లేదు. లోడు తగ్గించాలి. బ్లోయర్‌లో గాలిని ఆపే డ్యాంపర్ మూసి స్టార్ట్ చేశాం, టైమర్ పద్నాలుగు పెట్టాం. కరెంటు 55కి దిగాకే డెల్టా పడింది. దెబ్బ 165 ఆంపియర్లు, డిప్ 5 శాతం చుట్టూ. ఖర్చు సున్నా. డ్యాంపర్ తెరిచేది మోటారు డెల్టాలో కుదురుకున్నాకే. ఈ ఉపాయం సెంట్రిఫ్యూగల్ బ్లోయర్లకే నప్పుతుంది. నిండా సరుకున్న క్రషర్‌ను స్టార్‌లో కదిలించాలని చూస్తే మొండికేస్తుంది.

సాఫ్ట్ స్టార్టర్ విషయంలో మెసేజ్ పూర్తిగా తప్పు. థైరిస్టర్లతో వోల్టేజ్‌ను కోసి కరెంటును మీరు పెట్టిన లిమిట్ దగ్గర ఆపడమే దాని పని. టార్క్ వోల్టేజ్ వర్గంతో పడిపోతుంది. ఆరు రెట్ల మోటారును మూడు రెట్ల లిమిట్‌లో ఆపితే వోల్టేజ్ సగం, టార్క్ నాలుగో వంతు. అదే లిమిట్‌ను స్టార్ లైన్ కరెంటుకు సమానంగా 133 ఆంపియర్లకు తగ్గిస్తే టార్క్ తొమ్మిదో వంతుకు పోతుంది. స్టార్ మాత్రం అదే 133తో మూడో వంతు టార్క్ ఇస్తుంది. లైన్ నుంచి తీసుకున్న ఒక్కో ఆంపియర్‌కు వచ్చే టార్క్ చూస్తే సాఫ్ట్ స్టార్టర్ స్టార్-డెల్టా కంటే బలహీనం. ఇది విని చాలామంది నమ్మరు. మరి దాని గొప్ప ఏమిటంటే, మధ్యలో సప్లయ్ తెగదు, మారే దెబ్బ ఉండదు. మా బ్లోయర్‌కు మూడు రెట్ల లిమిట్ పెడితే 200 ఆంపియర్లు, డిప్ 6 శాతం పైచిలుకు, ఆ 6 కూడా స్టార్టింగ్ అయ్యేదాకా అలాగే ఉంటుంది. ఫుల్ లోడ్ కరెంటు దాటకుండానే టార్క్ కావాలంటే అది వోల్టేజ్‌తో పాటు ఫ్రీక్వెన్సీని కూడా మార్చే వీఎఫ్‌డీ డ్రైవ్ పని. దాని ధర వేరు, సప్లయ్ వేవ్‌ను పాడుచేసే హార్మోనిక్స్ తలనొప్పి వేరు.

ట్రాన్స్‌ఫార్మర్ మార్చితే? అదే 4.5 శాతం ఇంపీడెన్స్‌తో 160 కేవీఏ వేస్తే డైరెక్ట్ స్టార్టింగ్ డిప్ 12 నుంచి 8 దగ్గరకు వస్తుంది. తేడా ఉంది, కాదనను. కానీ లోడు లేకున్నా ఇరవై నాలుగు గంటలూ ట్రాన్స్‌ఫార్మర్‌లో పోయే ఐరన్ లాస్ పెరుగుతుంది, అప్లికేషను, ఛార్జీలు సరేసరి. అన్నిటికన్నా ముఖ్యం, మీ డిప్ ట్రాన్స్‌ఫార్మర్‌లోనే పుడుతోందని ముందు తేల్చుకోవాలి.

బ్లోయర్ సర్దాక కూడా మా ఆఫీసు లైట్లు మసకబారడం ఆగలేదు. మినిమమ్ పట్టుకునే మల్టీమీటర్లు రెండు తెచ్చి, ఒకటి ట్రాన్స్‌ఫార్మర్ 433 వోల్టుల వైపు మెయిన్ ప్యానెల్‌లో, ఒకటి ఆఫీసు డిస్ట్రిబ్యూషన్ బోర్డులో పెట్టి ఒకేసారి చూశాం. మెయిన్‌లో 5 శాతం పడింది, ఆఫీసులో 10. కారణం, ఆఫీసుకు లైటింగ్ తీగ బ్లోయర్ ప్యానెల్ నుంచి లాగారు. ఆ ప్యానెల్‌కు వచ్చేది 120 మీటర్ల 35 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం కేబుల్. మోటారు కరెంటు ఆ కేబుల్‌లో పోగొట్టే వోల్టేజ్ ఆఫీసుకూ పంచుకు వస్తోంది. ట్రాన్స్‌ఫార్మర్‌ను రెట్టింపు చేసినా ఆ 5 శాతం అలాగే ఉండేది.

ఆఫీసుకు మెయిన్ ప్యానెల్ నుంచి విడిగా సన్న కేబుల్ లాగాం. అప్లికేషన్ ఓనరు టేబుల్ సొరుగులోనే ఉంది.