ముందు తోమండి, స్ప్రే సంగతి తర్వాత

చికెన్ కోసిన గట్టు మీద స్ప్రే బాటిల్‌తో నాలుగుసార్లు కొట్టి, అది తడిసీ తడవకముందే భుజం మీది టవల్‌తో తుడిచేసి "శానిటైజ్ అయిపోయిందండీ" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పని మీద రకరకాల వంటగదుల్లోకి వెళ్తుంటాను. కర్రీ పాయింట్లు, టిఫిన్ సెంటర్లు, క్లౌడ్ కిచెన్లు, ఎక్కడ చూసినా ఇదే తంతు. స్ప్రే బాటిల్ కనబడితే ఓనర్‌కి ధైర్యం, కస్టమర్‌కి ధైర్యం. గట్టు మీద మాత్రం కొవ్వు పొర అలాగే ఉంటుంది, వేలితో రాస్తే జర్రున జారుతుంది.

ఆ పొర దగ్గరే కథంతా ఉంది. మన వంటగదుల్లో ఎక్కువమంది వాడేది హైపో, అంటే సోడియం హైపోక్లోరైట్. అందులోని క్లోరిన్‌కి సూక్ష్మజీవి ఏది, నెత్తురు ఏది, మసాలా ముద్ద ఏది అన్న తేడా తెలియదు. దారిలో ఏ సేంద్రియ పదార్థం తగిలితే దానితో చర్య జరిపి అక్కడే ఖర్చైపోతుంది. చికెన్ రసం ఎండిన చోట హైపో నీళ్లు చల్లితే, ఆ రసం మీదే క్లోరిన్ అయిపోతుంది. కింద దాక్కున్న సాల్మొనెల్లా దాకా చేరేది ఏమీ మిగలదు. పైగా నూనె జిడ్డు నీళ్లని అసలు అంటనివ్వదు, ద్రావణం ముత్యాల్లా చుక్కలుగా నిలబడుతుంది. చుక్క ఉన్నచోట తప్ప మిగతా గట్టుకి మందు తగలనే తగలదు.

"బాటిల్ మీద 99.999 శాతం చంపుతుందని రాశారు కదా" అంటారు. అమెరికాలో ఆహారం తగిలే ఉపరితలాల కోసం అమ్మే శానిటైజర్ పాసవ్వాల్సిన పరీక్ష అదే, 30 సెకన్లలో 99.999 శాతం తగ్గించాలి. కానీ ఆ పరీక్ష ద్రావణంలోకి బ్యాక్టీరియాని నేరుగా కలిపి చేస్తారు. అక్కడ అల్లం వెల్లుల్లి పేస్టు ఉండదు, నిన్నటి వేపుడు నూనె ఉండదు. మీ గట్టు కూడా అంత శుభ్రంగా ఉంటేనే ఆ అంకె మీకు వర్తిస్తుంది.

అందుకని వరస ఇది: ముందు మెతుకులు, ముక్కలు గీకి చెత్తబుట్టలో వేయాలి. తర్వాత వేడినీళ్లు, డిష్‌వాష్ లిక్విడ్ వేసి పీచుతో తోమాలి. ఆపైన మంచినీళ్లతో సబ్బు పోయేదాకా కడగాలి. అప్పుడు శానిటైజర్. చివర గాలికి ఆరనివ్వాలి. ఇందులో ఎక్కువమంది ఎగ్గొట్టేది మధ్యలో ఉన్న కడగడం. నురగ కనబడకపోతే చాలనుకుంటారు. హైపో వాడేవాళ్లకి దీనివల్ల కొంత నష్టం. బెంజాల్కోనియం క్లోరైడ్ రకం మందులు వాడేవాళ్లకైతే మొత్తం నష్టమే. వాటిని క్వాట్ అంటారు, వాసన లేదని ఈమధ్య పెద్ద కిచెన్లలో బాగా వాడుతున్నారు. మామూలు సబ్బుదీ క్వాట్‌దీ ఎదురెదురు విద్యుదావేశం, రెండూ కలిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని పనికిరాకుండా పోతాయి. అంతేకాదు, కాటన్ గుడ్డ కూడా క్వాట్‌ని పీల్చేసుకుంటుంది. బకెట్లో బలం సరిగ్గానే ఉంటుంది, గుడ్డలోంచి గట్టు మీదకి వచ్చే నీళ్లలో మాత్రం ఉండదు. క్వాట్ వాడేచోట మసిగుడ్డలు మానేసి, దానికి సరిపడే వైప్స్ కొనాల్సిందే. బోరునీళ్లు బాగా ఉప్పగా, గట్టిగా ఉండే ఊళ్లలో కొన్ని క్వాట్లు ఇంకా బలహీనపడతాయి. ఎంత గట్టి నీళ్ల దాకా పనిచేస్తుందో లేబుల్ మీద చూసుకుని కొనండి.

ఇక బలం సంగతి. మనవాళ్ల లెక్క ముక్కుతో జరుగుతుంది. కళ్లు మండేలా ఉంటే పవర్‌ఫుల్ అన్నమాట. ఈ అలవాటుకి 2020 కూడా కొంత కారణమని నా అనుమానం. కరోనా రోజుల్లో 1 శాతం హైపో వాడమన్నారు, వీధుల్లో ట్యాంకర్లతో చల్లారు, అదే మనసులో ఉండిపోయింది. 1 శాతం అంటే 10,000 పీపీఎం. లీటరు నీళ్లలో 10,000 మిల్లీగ్రాముల క్లోరిన్ అన్నమాట. కడిగిన వంటగట్టుకి కావలసింది 100 పీపీఎం. అందులో వందో వంతు! 200 దాటితే మళ్లీ మంచినీళ్లతో కడగకుండా దాని మీద తిండి పెట్టకూడదు. ఎక్కువ పోస్తే స్టీలు గట్టుకి చిన్న చిన్న గుంటలు పడతాయి, ఆ గుంటల్లో జిడ్డు చేరుతుంది, రేపటినుంచి తోమినా పోదు. శుభ్రం కోసం పోసిందే మురికికి చోటు చేసి పెడుతుంది.

లెక్క చాలా తేలిక. డబ్బా మీద 5 శాతం అని ఉంటే అది 50,000 పీపీఎం. మనకి కావలసింది 100, అంటే అయిదొందల్లో ఒక వంతు. 5 లీటర్ల బకెట్‌కి 10 మిల్లీలీటర్లు, అంతే. దగ్గు సిరప్‌తో వచ్చే కొలత కప్పు ఒకటి దీనికోసమే విడిగా పెట్టుకోండి, మళ్లీ మందుకి వాడకండి. డబ్బా మీద 10 శాతం అని ఉంటే అందులో సగం, 5 మిల్లీలీటర్లు చాలు. నీళ్లు మామూలువే ఉండాలి, మరిగినవి వద్దు, వేడికి క్లోరిన్ ఎగిరిపోతుంది. సువాసన, నురగ కలిపిన రకాలు నేలకీ బాత్రూముకీ పెట్టుకోండి, తిండి తగిలే చోటికి సాదా హైపోనే కావాలి.

అయితే ఈ లెక్క డబ్బా మీది అంకెని నమ్మి వేసింది. హైపో ఎండకీ వేడికీ తనంతట తానే బలం కోల్పోతుంది, గాఢత ఎక్కువున్నది ఇంకా తొందరగా. మే నెలలో రేకుల షెడ్డు కింద పడి ఉన్న 5 శాతం డబ్బాలో నిజంగా 3 శాతమే మిగిలిందనుకోండి. మీరు పద్ధతిగా 10 మిల్లీలీటర్లే పోస్తారు, బకెట్లో మాత్రం 60 పీపీఎం ఉంటుంది. వాసన వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. దీన్ని పట్టిచ్చేది ఒక్కటే, టెస్ట్ స్ట్రిప్.

"అవన్నీ స్టార్ హోటళ్లకండీ" అని ఒక ఓనర్ నాతో వాదించారు. ఆయన కౌంటర్ వెనక మూడు రకాల రూమ్ ఫ్రెష్‌నర్లున్నాయి! స్ట్రిప్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఒక సీసా కొంటే చాలాకాలం వస్తుంది. కాగితం ముక్కని ద్రావణంలో ముంచి తీసి, సీసా మీది రంగుల పట్టీతో పోల్చి చూడటమే పని. మామూలు క్లోరిన్ స్ట్రిప్ 10 దగ్గర లేత ఊదాగా మొదలై 200 దగ్గర ముదురు నీలమవుతుంది. కానీ ఆ చిన్న పనిలోనూ తప్పులు చేస్తారు. క్లోరిన్ స్ట్రిప్‌తో క్వాట్‌ని చూస్తారు, అది క్వాట్‌ని గుర్తుపట్టదు. దేనికి దాని స్ట్రిప్పే కావాలి. క్లోరిన్‌ది సాధారణంగా ఒక్క క్షణం ముంచి తీస్తే చాలు, క్వాట్‌ది కొన్ని రకాల్లో పది సెకన్లు కదపకుండా, నురగ లేని చోట ఉంచాలి. సీసా మీద ఎంత రాస్తే అంత. రంగు వచ్చిన వెంటనే చూడాలి, ఫోన్ మాట్లాడి వచ్చి చూస్తే అది వేరే రంగు. తడి చేత్తో సీసాలో వేళ్లు పెడితే మిగతా స్ట్రిప్స్ అన్నీ పాడైపోతాయి. స్టవ్ పక్కన మూత తీసి పెట్టినా అంతే. గడువు తేదీ కూడా ఉంటుంది. మరో చిక్కేమిటంటే, ద్రావణం మరీ ఘాటుగా ఉంటే కొన్ని క్లోరిన్ స్ట్రిప్స్ రంగు వచ్చినట్టే వచ్చి వెలిసిపోతాయి. తెల్లగా ఉంది కదా అని ఇంకా పోస్తారు. అనుమానముంటే ఒక గ్లాసు ద్రావణంలో తొమ్మిది గ్లాసుల నీళ్లు కలిపి మళ్లీ చూడండి. అప్పుడు రంగు వస్తే అసలుది పదింతలుందని అర్థం.

పొద్దున కలిపినప్పుడు ఒక్కసారి చూస్తే సరిపోదు. టిఫిన్ సెంటర్ బకెట్‌నే తీసుకోండి. ఆరింటికి 100 ఉంటుంది. ఇడ్లీ పిండి తుడిచిన గుడ్డ, చట్నీ తుడిచిన గుడ్డ అందులోనే మునిగి లేస్తుంటాయి. మునిగిన ప్రతిసారీ కొంత క్లోరిన్ పోతుంది. తొమ్మిదింటికి స్ట్రిప్ పెడితే రంగే రాకపోవచ్చు. అప్పటినుంచి ఆ గుడ్డ చేసేది ఒక టేబుల్ మీది క్రిముల్ని ఇంకో టేబుల్‌కి మోయడమే. 50 కంటే తగ్గినా, నీళ్లు మసకగా మారినా పారబోసి కొత్తవి కలపాలి. పాత నీళ్లలోనే ఇంకాస్త హైపో ఒంపడం దండగ, ఆ మురికి దాన్ని కూడా మింగేస్తుంది. పచ్చిమాంసం దగ్గర వాడే గుడ్డ, బకెట్ రెండూ వేరుగా ఉండాలి. ఇందులో బేరం లేదు.

ఇక ఎంతసేపు ఉంచాలన్నది. బాటిల్ మీద రాసిన సమయం అంటే గట్టు తడిగా ఉండాల్సిన సమయం. పైన ఫ్యాన్ తిరుగుతుంటే సన్నటి స్ప్రే పదిహేను సెకన్లలో ఆరిపోతుంది, లేబుల్ మీద నిమిషమని ఉంటుంది. అందుకే నాకు స్ప్రే కంటే బకెట్, గుడ్డే ఇష్టం. తడి బాగా పట్టేలా పరిచి వదిలేయొచ్చు. సమయం ఏమీ రాయని 100 పీపీఎం హైపోకి నేను కనీసం ఒక నిమిషం చెబుతాను. ఒకే బాటిల్ మీద రెండు సమయాలు కనబడితే కంగారు పడకండి. శానిటైజ్ చేయడానికి తక్కువ, డిస్ఇన్ఫెక్ట్ చేయడానికి ఎక్కువ, కొన్నిటికి 10 నిమిషాల దాకా ఉంటుంది, చాలాసార్లు కలిపే మోతాదు కూడా వేరే. ఆ సమయం అయ్యాక కూడా పొడి టవల్‌తో తుడవొద్దు. పొద్దుట్నుంచి చేతులు, ప్లేట్లు, చెమట తుడిచిన టవల్ అది! గాలికి వదిలేయండి.

చేతులకి రాసుకునే ఆల్కహాల్ శానిటైజర్‌ని గట్టు మీద కొట్టేవాళ్లకి ఒక్క మాట: పక్కనే స్టవ్ వెలుగుతోంది, ఆ మందు అంటుకుంటుంది. అలాగే హైపోలో వెనిగర్ గానీ, టాయిలెట్ క్లీనర్ గానీ కలపొద్దు. యాసిడ్ తగిలితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఇరుకు వంటగదిలో అది ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది.

ఈ 100 పీపీఎం లెక్క రోజువారీ తుడవడానికే. కిచెన్‌లోనో డైనింగ్‌లోనో ఎవరైనా వాంతి చేసుకుంటే అది సరిపోదు. నోరోవైరస్‌కి 1,000 నుంచి 5,000 పీపీఎం దాకా కావాలి. చేతులకి గ్లౌజులు వేసుకుని ముందు వాంతిని ఎత్తేసి, తోమి, ఆ తర్వాత ఈ బలంతో తడిపి ఉంచాలి. తిండి తగిలే చోటైతే చివర్లో మంచినీళ్లతో బాగా కడిగాకే వాడాలి. మీ డబ్బా మీద ఎంత శాతం ఉందో, బకెట్ ఎన్ని లీటర్లో కింద రాయండి, రెండింటికీ ఎంత పోయాలో లెక్కేసి చెబుతాను.