ఇంకు కారిన ప్రింటర్, రాని కేబుల్: ఫిర్యాదు మెయిల్‌లో ఏం రాయాలి?

ఆన్‌లైన్‌లో కొన్న ఇంక్‌జెట్ ప్రింటర్ ఇంటికొచ్చింది. పెట్టె విప్పి చూస్తే కార్ట్రిడ్జ్ నుంచి ఇంకు కారి ఉంది, పవర్ కేబుల్ లేదు. అప్పటి కోపంలో చాలామంది రాసే మెయిల్ ఇలా ఉంటుంది: 'కార్ట్రిడ్జ్ లీకైంది, కేబుల్ రాలేదు, వెంటనే చర్య తీసుకోండి.' దానికి అమ్మినవాళ్లు సులువైన దారి పడతారు. ఒక కేబుల్, ఒక కొత్త కార్ట్రిడ్జ్ పంపి ఫిర్యాదు మూసేస్తారు. లోపల ఇంకు పట్టిన ప్రింటర్ మాత్రం మన దగ్గరే ఉండిపోతుంది. ఆ దారి వాళ్లకు చూపించింది మన మెయిలే అని నా అభిప్రాయం.

మెయిల్ రాసే ముందు తేల్చుకోవాల్సింది ఇంకు ఎక్కడిదాకా పోయిందన్నదే. కొత్త కార్ట్రిడ్జ్ మామూలుగా సీలు వేసిన కవర్‌లో, ప్రింటర్‌తో కలవకుండా విడిగా వస్తుంది. ఇంకు వచ్చే రంధ్రాల మీద టేపో, ప్లాస్టిక్ మూతో ఉంటుంది. దారిలో పెట్టె తలకిందులైనా, ఎండకు వేడెక్కినా కొంచెం ఇంకు బయటికి రావచ్చు. అది ఆ కవర్‌లోనే ఆగిపోతే కొత్త కార్ట్రిడ్జ్ అడగడమే న్యాయం. అంతమాత్రానికి ప్రింటర్ మొత్తం మార్చమనడం సరికాదు.

కార్ట్రిడ్జ్ బిగించే చోట, దాని అడుగున ఇంకు కనిపిస్తే సంగతి వేరు. అక్కడ రాగి రంగులో చిన్న చిన్న కాంటాక్టులు ఉంటాయి. వాటి మీద ఇంకు పడితే ప్రింటర్ కార్ట్రిడ్జ్‌ను గుర్తుపట్టకపోవచ్చు, షార్ట్ కూడా కావచ్చు. కార్ట్రిడ్జ్ అటూ ఇటూ కదిలే దారి వెంట ఒక సన్నని పారదర్శకమైన పట్టీ కూడా ఉంటుంది. దాని మీద కంటికి ఆననంత సన్నగా గీతలుంటాయి. వాటిని చదివే కార్ట్రిడ్జ్ కాగితం మీద ఎక్కడుందో ప్రింటర్ తెలుసుకుంటుంది. ఆ పట్టీ మీద ఇంకు మరక పడితే అక్షరాలు పక్కకి జరుగుతాయి, లేదా కదలిక మధ్యలోనే ఆగి ఎర్రర్ వస్తుంది. కొత్త కార్ట్రిడ్జ్ వేసినంత మాత్రాన ఇది బాగుపడదు.

ఇక కేబుల్. చాలా ఇంటి ప్రింటర్లకు ఎనిమిది అంకె ఆకారంలో ఉండే రెండు పిన్నుల కేబులే సరిపోతుంది. అది ఇంట్లో వేరే పరికరానిది దొరకవచ్చు కూడా. 'ఒకసారి ఆన్ చేసి చూద్దాం' అనిపిస్తుంది, కానీ చేయకూడదు. ఆన్ కాగానే ప్రింటర్ తనంతట తాను లోపలి భాగాలను కదిలించి, కారిన ఇంకును అన్నిటికీ పులుముతుంది. కాంటాక్టుల మీద తడి ఉంటే కరెంటుతో ప్రమాదం. పైగా 'మీరు వాడాక పాడైంది' అనే మాటకు మనమే చోటిచ్చినట్టవుతుంది.

ఈ రెండు లోపాలూ ఒకే పెట్టెలో కనిపిస్తే కలిపి ఆలోచించాలి. కేబుల్ లేకపోవడం ప్యాకింగ్‌లో పొరపాటు కావచ్చు. కానీ కార్ట్రిడ్జ్ ముందే బిగించి ఉన్నా, రవాణా కోసం ప్రింటర్ మూతలకు అంటించే రంగు టేపులు లేకున్నా, పెట్టె మీద సీరియల్ నంబరు, ప్రింటర్ వెనక నంబరు వేర్వేరుగా ఉన్నా, అది ఎవరో విప్పి వెనక్కి పంపిన సరుకు కావచ్చు. మెయిల్‌లో ఆ నింద వేయక్కర్లేదు. కళ్లతో చూసింది రాసి, ప్రశ్న అడిగితే చాలు. తుడవకముందే పెట్టె, సీరియల్ నంబర్లు, ఇంకు పడిన చోట్లు ఫోటో తీసుకోవాలి. నేనైతే మెయిల్ ఇలా రాస్తాను:

'విషయం: ఇంకు కారిన ప్రింటర్, రాని పవర్ కేబుల్, ప్రింటర్ మార్చి ఇవ్వగలరు (ఆర్డర్ నంబరుతో)

ఈ రోజు అందిన ప్రింటర్‌లో కార్ట్రిడ్జ్ ముందే బిగించి ఉంది. దాని కింద, కాంటాక్టుల మీద నల్ల ఇంకు కారి ఉంది. పెట్టెలో ఉంటాయని రాసిన వస్తువుల్లో పవర్ కేబుల్ లేదు. మూతలకు రవాణా టేపులు లేవు. ప్రింటర్‌ను నేను ఆన్ చేయలేదు, ఇంకు తుడవలేదు. ఫోటోలు జత చేశాను.

ఇంకు ప్రింటర్ లోపలికి చేరింది కాబట్టి కార్ట్రిడ్జ్, కేబుల్ విడిగా పంపితే సరిపోదు. సీలు వేసిన కొత్త ప్రింటర్ పంపండి, లేదా డబ్బు మొత్తం వాపసు ఇవ్వండి. ఇది ఇంతకుముందు వెనక్కి వచ్చిన సరుకా అన్నది కూడా తెలియజేయండి.'

'సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి' అని జవాబు రావచ్చు. వాడుతుండగా వచ్చిన లోపానికి వారంటీ ఉంది. ఇది అందేసరికే చెడిపోయిన సరుకు, పైగా కేబుల్ లోటు ఉంది కాబట్టి అమ్మినవాళ్లే చూడాలని అదే మెయిల్ కింద జవాబివ్వాలి. కొత్త మెయిల్ మొదలుపెడితే ఫోటోలు, తేదీలు విడిపోయి ఫిర్యాదు మళ్లీ మొదటికొస్తుంది.

వాపసు తీసుకోవడానికి ఒప్పుకున్నాక ఎలా ప్యాక్ చేయాలో వాళ్లనే రాసి పంపమనాలి. ఇంకు బయటికి కారుతున్న పెట్టెను కొరియర్ మనిషి తీసుకోకపోవచ్చు. కార్ట్రిడ్జ్ తీయాలా, అలాగే ఉంచాలా అన్నది వాళ్లే చెప్పాలి. అప్పటిదాకా ప్రింటర్‌ను వాల్చకుండా, కింద ప్లాస్టిక్ షీటు పరిచి, ఉన్నదున్నట్టు ఉంచాలి.