వెన్నకు రేటు కడుతున్నారు, గడ్డికి ఎవరు కడతారు?

వేసవి రాగానే పాల మీద రెండు వార్తలు పక్కపక్కనే కనిపిస్తాయి. ప్యాకెట్ ధర రెండు రూపాయలు పెరిగిందని ఒకటి, రైతుకు గిట్టుబాటు కావడం లేదని ఇంకొకటి. రచ్చంతా లీటరు ధర చుట్టూనే నడుస్తుంది. నిజానికి పల్లెలో గేదె పాలకు లీటరు ధరంటూ ఒకటి ఉండదు. ఉండేది కిలో వెన్న రేటు. పాల కేంద్రం గోడకు అంటించిన చార్టు ఆ రేటును లీటర్లలోకి మార్చి చూపిస్తుంది, అంతే. ఆ చార్టు గేదె ఏం తిన్నదో అడగదు, పాలు ఎవరి చేతిలో పులిశాయో అడగదు. దాన్ని అలాగే ఉంచి లీటరుకు రూపాయో రెండో పెంచితే ఒరిగేదేమీ లేదన్నది నా వాదన.

ముందు చార్టు ఎలా పనిచేస్తుందో చూద్దాం. లీటరు పాలు సుమారు 1.03 కిలోల బరువు తూగుతాయి. వెన్న 6 శాతం వస్తే లీటరులో దాదాపు 62 గ్రాముల వెన్న ఉన్నట్టు. కిలో వెన్న రేటు రూ.800 అనుకుంటే రైతు చేతికి వచ్చేది లీటరుకు రూ.49.44. అదే గేదె మరుసటి వారం 5.5 శాతం ఇస్తే రూ.45.32కు పడిపోతుంది. అంటే మెషీన్ మీద ఒక్క పాయింటు, అదే 0.1 శాతం, తగ్గినా 82 పైసలు పోయినట్టే.

ఇప్పుడు దాణా వైపు రండి. పల్నాడులోనో నల్గొండలోనో రెండు గేదెలున్న ఇల్లు తీసుకుందాం, లెక్క మాత్రం ఒక గేదెకే వేద్దాం. రోజుకు సగటున 6 లీటర్లు ఇస్తుంది. ఒంటి పోషణకు 2 కిలోల దాణా, ప్రతి రెండు లీటర్ల పాలకు కిలో చొప్పున మరో 3 కిలోలు, మొత్తం 5. కిలో రూ.28 వేసుకుంటే రూ.140. వరిగడ్డి 5 కిలోలకు రూ.30, పచ్చిమేత 20 కిలోలకు రూ.40. రోజుకు రూ.210, లీటరుకు రూ.35. ఇక్కడితో ఆపేసి రైతుకు పద్నాలుగు రూపాయలు మిగిలిందని మురిసిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు వట్టిపోయిన గేదెను లెక్కలో వేయరు. ఈతకూ ఈతకూ మధ్య పదిహేను నెలలు పడితే, పాలిచ్చేది తొమ్మిది నెలలే. మిగతా ఆరు నెలలు పొదుపుగా కిలో దాణాతో సరిపెట్టినా రోజుకు వంద రూపాయల దాకా పోతుంది, మొత్తం రూ.18,000. తొమ్మిది నెలల్లో వచ్చిన 1,620 లీటర్ల మీద దాన్ని పంచితే లీటరుకు మరో రూ.11. మేత ఖర్చే రూ.46 అయింది. వెన్న 6 వచ్చినప్పుడు మూడున్నర రూపాయలు మిగులుతుంది. 5.5కు దిగితే చేతి నుంచి పెట్టుకోవాలి. ఇందులో ఇంటి ఆడవాళ్ల చాకిరీ లేదు, డాక్టరు ఫీజు లేదు, గేదె కొన్న అప్పు మీద వడ్డీ లేదు.

యాభై కిలోల దాణా బస్తా మీద 150 రూపాయలు పెరిగిందనుకోండి. ఇదే లెక్కలో లీటరుకు రూ.2.80 భారం పడుతుంది. అది పూడాలంటే కిలో వెన్న రేటు రూ.45 పెరగాలి. బస్తా ధర పెరిగిన రోజున కొట్టువాడు రైతుతో చర్చలు పెట్టడు, కొత్త రేటు చెప్పి బస్తా దింపుతాడు. వెన్న రేటు పెంచాలంటే మాత్రం సమావేశాలు, వినతిపత్రాలు, ధర్నాలు. పైగా శీతాకాలంలో పాలు ఎక్కువ దొరికే నెలల్లో వెన్న రేటు తగ్గిస్తారు, దాణా రేటు మాత్రం దిగదు. మొక్కజొన్న ఇథనాల్‌కు పోతోంది. తవుడు చెక్క ధరలు మండిపోయి 2023 జులైలో కేంద్రమే దాని ఎగుమతిని ఆపాల్సి వచ్చింది. దాణా ధర పెరిగిందని ఢిల్లీకి తెలిసింది గానీ పాల కేంద్రం చార్టుకు తెలియలేదు.

అసలు సంగతి గడ్డి దగ్గర ఉంది. పాలలో వెన్న చాలామటుకు పీచు నుంచి వస్తుంది. చొప్ప, వరిగడ్డి, పచ్చగడ్డి పశువు పొట్టలో పులిసినప్పుడు ఎసిటిక్ ఆమ్లం పుడుతుంది. పొదుగు వెన్న తయారుచేసుకోవడానికి అదే ముఖ్యమైన ముడిసరుకు. ఎండుమేత తగ్గించి దాణా దట్టిస్తే పాలు పెరుగుతాయి, వెన్న శాతం జారిపోతుంది. కాబట్టి గడ్డి దొరకని రైతు రెండు విధాలా నష్టపోతాడు. గడ్డి లేని లోటు దాణాతో పూడ్చడానికి డబ్బు పెడతాడు, ఆ దాణా వల్లే పాయింట్లు పోగొట్టుకుంటాడు. వెన్న తగ్గిన రైతును పాల కేంద్రంలో ఎగాదిగా చూస్తారు, నీళ్లు కలిపాడేమోనని. కలిపాడో లేదో తేల్చడం కష్టమేమీ కాదు. నీళ్లు కలిస్తే వెన్నతో పాటు లాక్టోమీటర్ డిగ్రీ కూడా పడిపోతుంది. వెన్న తగ్గి డిగ్రీ నిలబడి ఉంటే మేత సంగతి అడగాలి. దూడ తాగిన వేళ కూడా చూడాలి. పితికేటప్పుడు మొదటి ధారల్లో వెన్న పలచన, చివరి ధారల్లో చిక్కన. ఆ చివరి ధారలు దూడకు వదిలితే నాలుగైదు పాయింట్లు సులువుగా పోతాయి.

గడ్డి ఏమైందని ఎవరూ అడగరు. పాల ధర మీద మాట్లాడేవాళ్లు వరికోత మిషన్ మీద మాట్లాడరు. చేత్తో కోసి, కుప్ప వేసి, నూర్చిన కాలంలో గడ్డివామి ఇంటి వెనకే ఉండేది, దానికి వేరే ఖర్చు ఉండేది కాదు. మిషన్ వచ్చాక మడిలో చెల్లాచెదురుగా పడిన గడ్డిని పోగేయడానికి కూలీ దొరకడు, తర్వాతి పంటకు తొందర, అగ్గిపెట్టడమే తేలిక. వరి పండించే ఊళ్లోనే వరిగడ్డి కొనుక్కోవాల్సి వస్తోంది. తెలంగాణలో, రాయలసీమలో జొన్న పోయి పత్తి వచ్చింది. జొన్న పోయినప్పుడు గింజ పోయిందని బాధపడ్డాం. చొప్ప పోయిందని బాధపడిన పశువు మాట వినలేదు. యాభై ఏళ్లుగా మన పంటల విధానమంతా గింజ బరువు చూసుకుంది. పొట్టి రకాలు, మిషన్ కోతలు, పత్తి, ఇవన్నీ గడ్డిని లెక్కలోంచి కొట్టేశాయి. అదే ప్రభుత్వం మరోపక్క పాడిని ప్రోత్సహిస్తున్నామంటుంది. ఉచితంగా దొరికే మేత మీద నడిచిన పాడిని కొన్న మేత మీదకు నెట్టి, ధర మాత్రం పాత పద్ధతిలో కడుతున్నాం.

డెయిరీల వాదన లేకపోలేదు. ఒకప్పుడు కొలత పాలకు డబ్బిచ్చేవారు, బిందెడు నీళ్లు బిందెడు పాలయ్యేవి. వెన్న పరీక్ష వచ్చాకే ఆ మోసం తగ్గింది. నిజాయతీగా పోసేవాడికి న్యాయం జరిగింది. వెన్న కాక మిగిలిన ఘనపదార్థం, అదే ఎస్‌ఎన్‌ఎఫ్, విలువ కూడా ఆ వెన్న రేటులోనే కలిసి ఉందంటారు. పరీక్ష తీసేయమని నేనూ అనను. కానీ కలిసే ఉంటే, ఎస్‌ఎన్‌ఎఫ్ శాతం నిర్ణయించిన గీతకు కింద పడినప్పుడు కోత ఎందుకు? గీత దాటి 9.4 ఇచ్చినవాడికి అదనంగా పైసా ఎందుకు రాదు?

దాని విలువ డెయిరీలకు బాగా తెలుసు. 1940ల్లో బొంబాయి పాల సరఫరా చూసిన దారా ఖురోడీ టోన్డ్ మిల్క్ తయారు చేసింది గేదె పాలలోని వెన్న రెండింతల పాలకు సరిపోతుందన్న లెక్కతోనే. 6 శాతం వెన్న ఉన్న లీటరుతో 3 శాతం టోన్డ్ మిల్క్ రెండు లీటర్లు చేయవచ్చు. అయితే ఆ రెండు లీటర్లలో 8.5 శాతం ఎస్‌ఎన్‌ఎఫ్ ఉండాలి, గేదె పాలలో 9 శాతం ఉందనుకున్నా అందుకు ఇంకా 82 గ్రాములు తక్కువ పడుతుంది. దాన్ని పాలపొడితో పూడుస్తారు. కిలో పొడి రూ.250 అయితే సుమారు 21 రూపాయలు. బస్తాలో కొన్నప్పుడు ధర పలికే సరుకు, రైతు క్యాన్‌లో కాస్త ఎక్కువగా వస్తే ధర లేనిదైపోతుంది.

పెరుగు దగ్గర ఈ అన్యాయం ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మనవాళ్లకు గడ్డ పెరుగు కావాలి, గరిటెతో తీస్తే ముక్కలా లేవాలి. ఆ గట్టితనం ఇచ్చేది ముఖ్యంగా పాలలోని ప్రొటీన్, అంటే ఎస్‌ఎన్‌ఎఫ్‌లోని భాగం. వెన్న ఇచ్చేది మీద మీగడ, నోటికి కమ్మదనం. ప్యాకెట్ పెరుగు ఎక్కువగా 3 శాతం వెన్న పాలతోనే తోడేస్తారు. పాలను 90 డిగ్రీల దాకా కాచి, 42 డిగ్రీలకు దించి, తోడు కలిపి, ప్యాక్ చేసి, వెచ్చని గదిలో నాలుగైదు గంటలు ఉంచి, తర్వాత చల్లబరుస్తారు. వినియోగదారు గట్టి పెరుగుకు పాల కన్నా ఎక్కువ ధర కడతాడు, 2022 జులై నుంచి దాని మీద 5 శాతం జీఎస్టీ కూడా కట్టాల్సి వచ్చింది. ఆ గట్టితనం పుట్టిన గేదెకు మాత్రం వెన్న లెక్కే.

ఇక పాడైన పాల నష్టం. పొదుగులోంచి వచ్చిన పాలు మూడు నాలుగు గంటల్లో 4 డిగ్రీలకు చల్లబడాలి, లేకపోతే ఏప్రిల్ ఎండకు పులుపు ఎక్కుతుంది. ఉదయం ఆరున్నరకు రైతు పాలు పోస్తాడు, పరీక్ష బాగానే వస్తుంది, చీటీ వస్తుంది. బండి పదిన్నరకు వస్తుంది, లేదా కరెంటు పోయి చిల్లింగ్ ట్యాంకు ఆగిపోతుంది, జనరేటర్‌లో డీజిల్ ఉండదు. డెయిరీ గేటు దగ్గర పరీక్షనాళికలో కాస్త పాలు పోసి మరిగే నీళ్లలో పెడతారు, విరిగితే 40 లీటర్ల క్యాన్ మొత్తం వెనక్కి. చాలాచోట్ల ఆ కోత తిరిగి ఊరి కేంద్రం బిల్లులోనే పడుతుంది, అంటే పదిహేను రోజులకొకసారి వచ్చే రైతుల బిల్లుల్లో. ఈ భయంతోనే పులుపు తెలియకుండా కొన్ని చోట్ల క్యాన్‌లో తినేసోడా పడుతుంది. రోజాలిక్ ఆమ్లం చుక్కలు వేస్తే ఎర్రబారి అదీ దొరికిపోతుంది, మళ్లీ కోత. కొట్లో అమ్ముడుపోక పుల్లబడిన పెరుగు నష్టాన్ని డెయిరీ ముందుగానే ప్యాకెట్ ధరలో వేసుకుంటుంది. విరిగిన పాలకు పల్లె కట్టింది, పులిసిన పెరుగుకు పట్నం కట్టింది.

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. చీటీ చేతికి వచ్చిన క్షణం నుంచి పాలు డెయిరీవి, తర్వాత విరిగితే నష్టం కూడా డెయిరీదే. గేదె పాలకూ వెన్నకు ఒక రేటు, ఎస్‌ఎన్‌ఎఫ్‌కు ఒక రేటు విడిగా కట్టాలి. ఆవు పాలకు చాలాచోట్ల ఇప్పటికే అలా కడుతున్నారు. వెన్న రేటును మూడు నెలలకోసారి దాణా బస్తా ధరతో ముడిపెట్టి సవరించాలి, బస్తాకు 150 పెరిగితే కిలో వెన్నకు 45.

ప్రభుత్వాలు మాత్రం లీటరు మీదే పడి ఉన్నాయి. కర్ణాటకలో లీటరుకు రూ.5 ప్రోత్సాహకం ప్రకటించారు, తెలంగాణలో విజయ డెయిరీకి పోసేవారికి రూ.4. వచ్చినప్పుడు మంచిదే, బకాయిలు పడ్డప్పుడు రైతుకు ఎదురుచూపులే. ఆ డబ్బులో కొంత గడ్డి కట్టలు చుట్టే బేలర్లకు పెట్టి, ప్రతి వరి మండలంలో అద్దెకు ఇవ్వాలి. ఖరీఫ్ కోతకూ రబీ దుక్కికీ మధ్య రెండు మూడు వారాలే ఉంటాయి, ఆ లోపు వానకు తడిస్తే గడ్డి బూజు పడుతుంది. కాబట్టి ఈ ఏర్పాటు అక్టోబరు కల్లా అయిపోవాలి. నవంబరులో టెండర్లు పిలిస్తే ఆ ఏడాది గడ్డి కూడా కాలిపోయినట్టే.