బాబాయ్ చాలా లక్కీ అట!

పొద్దున్నే మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఫాదర్స్ డే జాతర మొదలైంది. ఎవడికి దొరికిన ఫొటో వాడు పెట్టేశాడు. సరే బావుంది. అందులో మా పెదనాన్న కొడుకు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద, వాళ్ళ నాన్న గురించి ఇంత పొడుగు రాసుకుని ఆఖర్న మా నాన్నని కూడా ట్యాగ్ చేసి ఏమన్నాడో తెలుసా, "బాబాయ్ మాత్రం చాలా లక్కీ, లైఫ్‌లో ఏ టెన్షనూ లేదు, ఒక్కరోజు హాస్పిటల్ మొహం చూడలేదు" అని. దానికి మా నాన్న ఏం చేశారు? ఓ బొటనవేలు పెట్టారు. అంతే. ఆ బొటనవేలు చూసినప్పట్నుంచీ నాకు ఒళ్ళు మండిపోతోంది. గ్రూప్‌లో రిప్లై పెడితే అమ్మ ఫోన్ చేసి "ఊరుకోరా" అంటుందని ఇక్కడ రాస్తున్నా, వాళ్ళెవరూ ఇక్కడ లేరు కాబట్టి.

హాస్పిటల్ మొహం చూడలేదు అన్నాడు కదా. ఎందుకు చూడలేదో చెప్తా.

నేను ఎనిమిదో క్లాస్ చదివేటప్పుడు నాన్నకి గజ్జలో కుడివైపు చిన్న ఉబ్బు వచ్చింది. గోడౌన్‌లో స్టోర్ కీపర్ ఉద్యోగం, పేరుకే కీపర్, పెట్టెలు దించేదీ ఎక్కించేదీ ఆయనే. నిలబడితే, దగ్గితే ఉబ్బు బయటికి వచ్చేది, వెల్లకిలా పడుకుంటే లోపలికి పోయేది. డాక్టర్ చూసి హెర్నియా అన్నాడు. పొట్ట కండరంలో బలహీనమైన చోటు నుంచి పేగు ముందుకు తోసుకొస్తోంది, పెద్దవాళ్ళకి ఇది మందులతో తగ్గదు, జాలీలాంటి మెష్ పెట్టి కుడతాం, తర్వాత కొన్ని వారాలు బరువులు ఎత్తకూడదు అన్నాడు. ఆపరేషన్‌కి కాదు, ఆ "కొన్ని వారాలు" అన్న మాటకి నాన్న భయపడ్డారు. ఆయనది కాంట్రాక్ట్ ఉద్యోగం, పనికి పోని రోజుకి జీతం లేదు.

అయినా డేట్ తీసుకున్నారు. డబ్బులు కవర్లో పెట్టి బీరువాలో అమ్మ చీరల కింద దాచారు. ఇవన్నీ నాకు అప్పుడు తెలీదు, చాలా ఏళ్ళ తర్వాత అమ్మ చెప్పింది.

నాకు తెలిసిందల్లా ఒక్కటే, మా నాన్నకి బద్ధకం అని. నవ్వకండి, నిజంగా అలాగే అనుకునేవాణ్ణి. పొద్దున మెలకువ వచ్చాక కూడా పది నిమిషాలు మంచం మీదే ఉండేవారు, దుప్పటి నడుం దాకా కప్పుకుని, పైకప్పు చూస్తూ. నాకు స్కూల్ టైమ్ అయిపోతుంటే "నాన్నా లే" అని అరిచేవాణ్ణి. ఒకసారి "మా ఫ్రెండ్ వాళ్ళ నాన్న రోజూ వాకింగ్‌కి వెళ్తాడు తెలుసా" అని కూడా అన్నా. ఆయన నవ్వి "లేస్తున్నారా" అన్నారు.

ఆ పది నిమిషాలూ ఆయన ఏం చేసేవారంటే, దుప్పటి కింద ఆ ఉబ్బుని వేళ్ళతో మెల్లగా లోపలికి నొక్కుకుని, అది పూర్తిగా లోపలికి పోయాక హెర్నియా బెల్ట్ కట్టుకునేవారు. అది పడుకునే కట్టుకోవాలి, లేచాక కడితే బయటికొచ్చిన పేగు మీదే ప్యాడ్ నొక్కుతుంది, ఇంకా ప్రమాదం. ప్యాడ్ ఒరుసుకుని తోలు ఊడిపోతుంటే మధ్యలో జేబురుమాలు మడత పెట్టుకునేవారు. ఉతికిన బట్టల్లో నాన్న రుమాళ్ళు అన్నీ ఒకే మడతతో నలిగిపోయి ఎందుకు ఉండేవో నాకు ఇరవై రెండేళ్ళకి అర్థమైంది. ఇంకోటి, బెల్ట్ కట్టుకుంటే జబ్బు తగ్గదు, లోపలికి నొక్కి పెడుతుంది అంతే. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

మరి డేట్ తీసుకున్న ఆపరేషన్ ఏమైంది అంటారా. ఆపరేషన్‌కి నాలుగు రోజుల ముందు మా పెదనాన్న వచ్చారు. కొడుక్కి కాలేజీ సీటు, కట్టకపోతే పోతుంది, నెలలో ఇచ్చేస్తా అని. ఆ కొడుకే ఈ కొడుకు! ఇవాళ "బాబాయ్ లక్కీ" అన్న మహానుభావుడు! చీరల కింద కవర్ కవర్‌లాగే వెళ్ళిపోయింది. ఆ నెల ఇంకా అవ్వలేదు మరి. బహుశా వాళ్ళింట్లో నెలకి పదిహేనేళ్ళు ఉంటాయేమో. మధ్యలో వాళ్ళు మేడ మీద మేడ వేశారు, గృహప్రవేశంలో మా నాన్నే కుర్చీలు మోశారు. బెల్ట్ కట్టుకుని.

సరే వాళ్ళని అని ఏం లాభం, తర్వాత తిన్నది నేనే కదా. మళ్ళీ కాస్త కూడబెట్టేసరికి నా ఇంజనీరింగ్ వచ్చింది. "వీడి చదువు అయ్యాక చూద్దాం" అన్నారట అమ్మతో. హాస్టల్లో దింపడానికి వచ్చినరోజు నా ట్రంకు పెట్టె మూడో అంతస్తు దాకా ఆయనే మోశారు. రెండో అంతస్తు మలుపులో ఆగి, గోడకి ఆనుకుని, ప్యాంటు జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. "నువ్వు పద, వస్తా" అన్నారు. నేను వెళ్ళిపోయా. మా నాన్న అలసిపోయినట్టు కొత్త ఫ్రెండ్స్ ముందు కనబడ్డం నాకు నామోషీ. ఆ చెయ్యి జేబులో లేదు, జేబులోంచి గజ్జని అదిమి పట్టుకుని ఉంది.

నాకు ఉద్యోగం వచ్చిన రెండో నెల, ఓ రాత్రి, ఆ ఉబ్బు లోపలికి పోలేదు. గట్టిగా రాయిలా అయిపోయింది, ముట్టుకోనివ్వలేదు, వాంతులు, గ్యాస్ కూడా పోవట్లేదు. అమ్మ భయపడి తీసుకెళ్ళింది, లేకపోతే ఆయన తెల్లారేదాకా చూసేవారే. మీ ఇంట్లో ఎవరికన్నా ఇలా అయితే నొక్కి లోపలికి తోయాలని చూడకండి, వెంటనే పరిగెత్తండి, పేగు ఇరుక్కుని రక్తం ఆగిపోతే ఉండే టైమ్ గంటల్లోనే. ఇంకాస్త ఆలస్యమైతే పేగు కోసి తీసేయాల్సి వచ్చేది అన్నాడు సర్జన్. "ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అని అడిగితే నాన్న "ఓ తొమ్మిదేళ్ళు" అన్నారు, బస్సు కోసం ఎంతసేపట్నుంచి నిలబడ్డారంటే చెప్పినట్టు. నేను పక్కనే నిలబడి వేళ్ళు లెక్కపెట్టుకున్నా.

ఇబ్బంది పెట్టకపోతే హెర్నియాని డాక్టర్ చూపులో కొన్నాళ్ళు గమనిస్తూ ఉండొచ్చు, అది నిజమే, ఎవరూ కంగారుపడొద్దు. కానీ నొప్పి పెడుతూ రోజూ బరువులు ఎత్తే మనిషి సంగతి వేరు. ఆయన దాన్ని గమనించలేదు, దాచారు.

ఇప్పుడు కొందరు వస్తారు, "ఫాదర్స్ డే ఫారిన్ పండగ, మనకి రోజూ ఫాదర్స్ డేనే" అని. 1910లో అమెరికాలోని స్పోకేన్‌లో, భార్య పోయాక ఆరుగురు పిల్లల్ని పెంచిన తండ్రి కోసం ఆయన కూతురు మొదలుపెట్టించిన రోజు ఇది. మీకు రోజూ ఫాదర్స్ డే అయితే చెప్పండి, మీ నాన్న ఆఖరిసారి డాక్టర్ దగ్గరికి ఎప్పుడెళ్ళారు? నాకైతే తొమ్మిదేళ్ళు తెలీలేదు.

అసలు ఇవాళ ఇంత కోపం ఆ మెసేజ్ ఒక్కదానికే కాదు. పోయిన వారం ఇంటికి వెళ్ళా. పొద్దున ఆరింటికి మెలకువ వచ్చి చూస్తే నాన్న మంచం మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తున్నారు, దుప్పటి నడుం దాకా. "ఏంటి నాన్నా" అంటే "ఏం లేదురా, గ్యాస్" అన్నారు. దుప్పటి కింద ఈసారి చెయ్యి ఎడమవైపు ఉంది.

బుధవారం పదకొండింటికి సర్జన్ అపాయింట్‌మెంట్ తీసుకున్నా. ఆయనకి మాత్రం నా కళ్ళు చూపించుకోవాలి, తోడు రా అని చెప్పా.